కాటమరాజు కథను కుదించేటప్పుడు చిలుక ఎక్కడ రావాలి?

నెల్లూరు వైపు కాటమరాజు కథను క్లుప్తంగా చెప్పమంటే తరచూ ఇలాంటి రూపం వస్తుంది: "కాటమరాజు అనే గొల్లదొర నెల్లూరు రాజుకు పుల్లరి, అంటే పశువుల మేత పన్ను, ఎగ్గొట్టాడు. రాజు పంపిన ఖడ్గతిక్కన యుద్ధంలో ఓడి ఇంటికి తిరిగొచ్చాడు. తల్లి, భార్య దెప్పిపొడిస్తే మళ్లీ వెళ్లి పోరాడి చనిపోయాడు."

ఇందులో కథలో లేని ముక్క ఒక్కటీ లేదు. ఘటనల వరుస కూడా తప్పలేదు. అయినా ఇది విన్నవాడికి కాటమరాజు మాట తప్పిన మనిషిగానే మిగిలిపోతాడు. గొల్లల పక్షాన ఈ కథ విన్నవాళ్లకు మాత్రం ఆయన కరువులో మందను కాపాడుకోవడానికి వలస వచ్చి, ఒప్పందం చేసుకుని, అన్యాయానికి ఎదురు తిరిగిన వీరుడు. రెండు చోట్లా పుల్లరి కట్టలేదన్న విషయం ఒక్కటే. మారింది దానికి ముందు ఏం జరిగిందన్న సంగతి. క్లుప్తంగా చెప్పినతను కథను మధ్యలో అందుకున్నాడు, పుల్లరి కట్టకపోవడాన్నే మొదటి ఘటన చేసేశాడు. పెద్ద కథను చిన్నది చేసేటప్పుడు ఎక్కువగా తప్పు జరిగేది ఇక్కడే. మిగిలిన ఘటనలు ఏ వరుసలో ఉన్నాయన్నది సరే, ఆ వరుస ఎక్కడ మొదలైందన్నదీ అంతే ముఖ్యం.

కాటమరాజు కథ ఒక కథ కాదు, కథల మంద. గొల్లలకు ఈ కథలు చెప్పే కొమ్మువారు తెరచీర కట్టి, దాని మీది బొమ్మలు చూపిస్తూ, కొమ్ము ఊదుతూ, వీరణం వాయిస్తూ రాత్రుళ్ల తరబడి పాడేవారు. కాటమరాజు పూర్వీకుల కథలు, గంగ కథ, మందలో ఒక్కొక్క వీరుడి కథ, ఒక్కో పోరు ఒక్కో రాత్రికి సరిపోయేంత ఉంటాయి. అన్ని రాత్రుల కథను విన్న మనిషి పొద్దున్నే ఇంట్లోవాళ్లకు చెప్పేటప్పుడు పది నిమిషాల్లో ముగించాలి. పత్రికలో రాసేవాడికి ఒక పేజీ ఉంటుంది. పిల్లవాడు పరీక్షలో రాయాలంటే పది వాక్యాలు. అంతటి కథ ఇంతలోకి రావాలంటే చాలా వదిలేయక తప్పదు. ఏం వదిలేయాలో తెలియాలంటే ముందు నెల్లూరు రాజుతో పోరు దాకా వచ్చిన ఘటనలన్నీ జరిగిన వరుసలో పెట్టుకోవాలి.

వరుస ఇది. కనిగిరి సీమలో కరువు వచ్చింది. మేత లేదు, నీళ్లు లేవు. కాటమరాజు తన ఆలమందలను తోలుకుని దక్షిణంగా నెల్లూరు రాజు పచ్చిక బీళ్లకు వచ్చాడు. ఆ రాజును కథలో ఎక్కువగా నల్లసిద్ధి అంటారు, కొందరు 13వ శతాబ్దపు మనుమసిద్ధి అని చెబుతారు. ఊరికే మేపుకోనివ్వరు కాబట్టి పుల్లరి ఒప్పందం కుదిరింది. మేతకు బదులుగా మందలో పుట్టే కోడెదూడలను రాజుకు ఇవ్వాలి. మందలు బీళ్లలో మేస్తుండగా రాజు ప్రియురాలి పెంపుడు చిలుక వల్ల ఆవులు బెదిరాయి. కాపరులు ఆ చిలుకను చంపారు. ఆమె పగబట్టి ఆవులను చంపించింది. రాజు సీమలో తన మందకు కాపుదల లేకపోయిందని, పుల్లరి కట్టేది లేదని కాటమరాజు తేల్చేశాడు. రాజు రాయబారం పంపాడు. కాటమరాజు లొంగలేదు. యుద్ధం మొదలైంది. రాజు తరఫున ఖడ్గతిక్కన సేనతో వెళ్లాడు, సేన దెబ్బతింది, అతను ఇంటికి తిరిగొచ్చాడు. ఇంట్లో జరిగిన అవమానం తర్వాత మళ్లీ వెళ్లాడు. పాలేటి ఒడ్డున, పంచలింగాల దగ్గర జరిగిన పోరులో కాటమరాజు పక్షాన బ్రహ్మరుద్రయ్య, ఇటు తిక్కన ఇద్దరూ కూలారు.

ఇన్ని ఘటనల్లో తేలిగ్గా ఎగిరిపోయేది చిలుకే. పైకి చూస్తే అది చిన్న విషయం. ఒక పక్షి చచ్చిపోవడమెక్కడ, రెండు సీమల సేనలు కొట్టుకోవడమెక్కడ అనిపిస్తుంది. అందుకే చాలామంది "రాజుకూ కాటమరాజుకూ పుల్లరి దగ్గర గొడవ వచ్చింది" అని ఒక్క మాటతో దాటేస్తారు. కథను కుదించడంలో ఇది తప్పు కొలత. ఘటన ఎంత పెద్దదన్నది చూసి ఉంచకూడదు, దాని మీద తర్వాతి ఘటనలు ఎన్ని ఆధారపడ్డాయో చూసి ఉంచాలి. చిలుక చావును తీసేస్తే ఆవుల్ని చంపించడానికి కారణం పోతుంది. ఆవుల చావు పోతే పుల్లరి ఆపడానికి కారణం పోతుంది. పుల్లరి కారణం లేకుండా ఆగిపోతే కాటమరాజు ఎగవేతదారు అవుతాడు. ఇంత బరువు ఆ చిన్న పక్షి మీద ఉంది.

అదే కొలతతో చూస్తే మందలో ఎన్ని ఆవులున్నాయన్న వర్ణన, సేనలు కదిలిన వైభవం, ఒక్కొక్క వీరుడి వంశం, ఆయుధాల పేర్లు అన్నీ తేలిగ్గా పోతాయి. పాడేటప్పుడు అవే ప్రాణం. వీరణం దరువు మీద సాగే ఆ వర్ణనల కోసమే జనం కూర్చుంటారు. కానీ వాటిలో ఏదీ తర్వాతి ఘటనను కదిలించదు. ఒక వీరుడి వంశావళిని ఎత్తేసినా అతను యుద్ధానికి వెళ్లడం ఆగదు. ప్రతి ఘటన దగ్గరా ఆగి "ఇది లేకపోతే తర్వాతిది ఎందుకు జరిగిందో చెప్పగలమా?" అని అడగాలి. చెప్పగలిగితే అది పోవచ్చు. చెప్పలేకపోతే ఎంత చిన్నదైనా ఉండి తీరాలి.

చిలుక ఉండాలని ఒప్పుకున్నాక, ఎక్కడ ఉండాలన్నది ఇంకో చిక్కు. చిలుకను గుర్తు పెట్టుకున్నవాళ్లు కూడా కొన్నిసార్లు దాన్ని వెనక నుంచి తెస్తారు. ఇలా: "కాటమరాజు పుల్లరి కట్టలేదు. దాంతో రాజు యుద్ధానికి సేనను పంపాడు. అంతకుముందు కాటమరాజు మనుషులు రాజు ప్రియురాలి చిలుకను చంపారు. ఆమె ఆవుల్ని చంపించింది." ఇక్కడ నాలుగు ఘటనలూ ఉన్నాయి, "అంతకుముందు" అన్న మాట కూడా సరైన చోటే ఉంది. లెక్క ప్రకారం తప్పు లేదు. వినేవాడి మనసు మాత్రం విన్న వరుసలోనే తీర్పు చెప్పుకుంటుంది. మొదటి వాక్యానికే కాటమరాజు తప్పు చేశాడని అనుకున్నాడు. తర్వాత చిలుకను చంపారని విన్నాడు, తప్పు మీద తప్పు అనుకున్నాడు. ఆవుల చావు వచ్చేసరికి అది శిక్షలాగా వినిపిస్తుంది. పాటగాడు రాత్రంతా ఉన్నవాడు కాబట్టి వెనక్కి వెళ్లి, మళ్లీ ముందుకొచ్చి, "ఆ ముచ్చట అక్కడుండనిచ్చి" అని ఇంకో కథ ఎత్తుకోగలడు. వినేవాళ్లు సర్దుకోవడానికి అతని దగ్గర సమయం ఉంది. పది వాక్యాల్లో చెప్పేవాడికి ఆ వెసులుబాటు లేదు. క్లుప్తకథలో చెప్పే వరుస, జరిగిన వరుస ఒకటిగా ఉంచడం మేలు. వెనక్కి వెళ్లడం తప్పనిసరి అయితే ఒక్కసారికి మించకూడదు.

ఇంకో రకం తప్పు తెలుగు వాక్యంలోనే దాగి ఉంటుంది. కథను కుదించాలనుకున్నవాడి చేతికి మొదట దొరికే పనిముట్టు అసమాపక క్రియ. వచ్చి, చూసి, చెప్పి, కొట్టి అని గుచ్చుకుంటూ పోతే నాలుగు వాక్యాలు ఒక్క వాక్యం అవుతాయి. పైగా ఏది ముందో ఏది వెనకో దానంతటదే తెలుస్తుంది. "కాటమరాజు మందలను తోలుకొచ్చి, రాజును కలిసి, పుల్లరికి ఒప్పుకుని, బీళ్లలో దిగాడు" అన్న వాక్యం చక్కగా ఉంది. వరుస చెడలేదు, చోటు మిగిలింది. అది ఎందుకు బాగుందంటే నాలుగు పనులూ చేసింది ఒక్కడే.

చేసేవాళ్లు మారిన చోట అదే గొలుసు మెడకు చుట్టుకుంటుంది. "చిలుకను చంపి, ఆవులను చంపించి, పుల్లరి ఆపి, రాయబారం పంపి యుద్ధానికి దిగారు." ఈ వాక్యాన్ని కథ తెలియని మనిషి చేతిలో పెడితే చిలుకను, ఆవులను చంపింది ఒకే పక్షమనుకుంటాడు. నిజానికి మొదటి పని కాపరులది, రెండోది రాజు ప్రియురాలిది, మూడోది కాటమరాజుది, నాలుగోది రాజుది. నలుగురు చేసిన పనులు ఒక్క వాక్యంలో ఒక్కరి ఖాతాలో పడ్డాయి. పక్షం మారిన ప్రతిచోటా వాక్యాన్ని ముగించి, కొత్త వాక్యంలో చేసినవారి పేరు పెట్టాలి. అక్కడ నాలుగు మాటలు ఎక్కువైనా ఫరవాలేదు. ఒకరే వరసగా చేసిన పనుల దగ్గర గొలుసు వేసి ఆ మాటల్ని మిగుల్చుకోవచ్చు. తగాదా కథలన్నిటిలో పక్షం మారే మలుపే కథకు కీలు. అక్కడ పొదుపు చేస్తే మిగిలేదేమీ ఉండదు.

"-డంతో" అన్న ముగింపు దగ్గరా జాగ్రత్త కావాలి. "కరువు రావడంతో కాటమరాజు నెల్లూరు వచ్చాడు" అంటే సరిపోయింది, కరువే కారణం. "పుల్లరి ఒప్పందం కుదరడంతో చిలుక చనిపోయింది" అని ఎవరూ రాయరు గానీ, "మందలు బీళ్లలో దిగడంతో రాజు ప్రియురాలు ఆవుల్ని చంపించింది" అని మాత్రం రాసేస్తారు. చదవడానికి నున్నగా ఉంటుంది. కానీ ఆమెకు మందలు రావడమే ఇష్టం లేదేమో అన్న కొత్త కారణం పుట్టింది, అది కథలో లేదు. మధ్యలో ఒక ఘటన ఎగిరిపోయినప్పుడు ఆ ఖాళీని "-డంతో" కప్పేస్తుంది. రాసినవాడికి కూడా ఖాళీ కనబడదు. క్లుప్తకథ రాశాక "-డంతో", "అందువల్ల", "కాబట్టి" ఉన్న ప్రతిచోటా ఆగి, ముందు చెప్పిన సంగతి నిజంగా తర్వాతి దానికి కారణమేనా అని చూసుకుంటే ఇలాంటివి దొరికిపోతాయి. కారణం కానిచోట "తర్వాత", "కొన్నాళ్లకు" అంటే చాలు. కాలం గడిచిందని చెప్పడం నేరం కాదు, లేని కారణం చెప్పడమే కథను చెడగొడుతుంది.

ఇక ఖడ్గతిక్కన ఇంటికి వచ్చిన ఘట్టం. నెల్లూరు వాళ్లకు ఇది కథలోకెల్లా దగ్గరి ఘట్టం. భారతం రాసిన తిక్కన సోమయాజికి ఇతను అన్నదమ్ముల వరస. కేవలం ఈ ఒక్క ఘట్టం మీద చాటుపద్యాలు జనం నోళ్లలో నిలిచాయి. అందుకే క్లుప్తంగా చెప్పేటప్పుడు ఇదే ముందుకు తోసుకొస్తుంది, మిగతా కథ దీనికి ముందుమాటలా కుంచించుకుపోతుంది. ఘట్టంలో కూడా ఒక వరుస ఉంది. యుద్ధం నుంచి తిరిగొచ్చిన తిక్కనకు భార్య చానమ్మ స్నానానికి నీళ్లు పెట్టింది. ఆ నీళ్ల దగ్గర మంచం అడ్డం నిలబెట్టి, పసుపు ముద్ద ఉంచింది. మగవాడి స్నానానికి చాటు ఎందుకు, పసుపెందుకు అని అతను అడగక తప్పలేదు. శత్రువుకు వెన్నిచ్చి వచ్చాక ఇంట్లో ముగురాడువారమైతిమి, ఇక వగపెందుకన్న జవాబు వచ్చింది. తర్వాత భోజనం దగ్గర తల్లి ప్రోలమ్మ విరిగిన పాలు పోసింది. పాలు విరిగాయేమిటని అడిగితే, నువ్వు విరిగి వచ్చావు, పశువులూ విరిగాయి, పాలూ విరిగాయంది. అతను లేచి మళ్లీ యుద్ధానికి వెళ్లాడు.

దీన్ని కుదించేవాళ్లు "భార్య, తల్లి ఎగతాళి చేశారు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. అలా అన్నప్పుడు పోయేది అందం ఒక్కటే కాదు. ఇద్దరూ మాటలతో మొదలుపెట్టలేదు. ఒకరు మంచం పెట్టారు, ఇంకొకరు పాలు పోశారు. అతను అడిగాకే జవాబు చెప్పారు. చూడటం, అడగడం, వినడం అన్న మూడు మెట్లు ఎక్కితేనే ఆ మాట అంత లోతుగా తగులుతుంది. ఆ మూడు మెట్లనూ ఉంచి కూడా ఘట్టాన్ని చిన్నగా చెప్పవచ్చు. రెండు సన్నివేశాల్లో ఒకదాన్ని పూర్తిగా ఉంచి, రెండోదాన్ని ఒక వాక్యానికి తగ్గించాలి. ఏది ఉంచాలంటే తల్లి సన్నివేశమే మేలు. అది రెండోది కాబట్టి తిక్కన లేచి వెళ్లడానికి ఆనుకునే ఉంది, పైగా "పశువులూ విరిగాయి" అన్న మాటతో యుద్ధానికి మూలమైన ఆలమందను గుర్తు చేస్తుంది. భార్య సన్నివేశం పదునైనదే, చాలామందికి అదే ఇష్టం. అయితే వరుసలో దాని వెనక ఇంకో దెబ్బ ఉంది. రెండిటినీ సమానంగా కుదిస్తే రెండూ చప్పబడతాయి.

ఇలాంటి కోతకు మన ఊళ్లోనే పెద్ద ఉదాహరణ ఉంది. నెల్లూరి తిక్కన సోమయాజి భారతాన్ని తెలుగు చేసేటప్పుడు భీష్మపర్వంలో 18 అధ్యాయాల భగవద్గీతను కొద్ది పద్యాలకు కుదించాడు. గీతను మొత్తంగా తీసేయలేదు, యుద్ధం మధ్యలో ఉన్న చోటు నుంచి కదపలేదు. అర్జునుడు విల్లు దించిన చోటు, మళ్లీ ఎత్తిన చోటు అలాగే ఉన్నాయి, వాటి మధ్య సాగిన ఉపదేశం తగ్గింది. ఎందుకు తగ్గించాడో ఎవరెన్ని రకాలుగా చెప్పినా, కథ చెప్పేవాడి కంటితో చూస్తే ఈ కోత ఎంత నిబ్బరంగా జరిగిందో తెలుస్తుంది. మాటల పొడవు తగ్గింది, మాటలకు ముందూ వెనకా ఉన్న మలుపులు తగ్గలేదు.

పాఠాంతరాల సంగతి కూడా తేల్చుకోవాలి. నోటి కథ కాబట్టి రాజు పేరు ఒక్కటే మారదు. వివరాలూ మారతాయి, ఎవరు ఎవరిని ముందు కవ్వించారన్నదీ కొంత మారుతుంది. క్లుప్తంగా చెప్పేటప్పుడు రెండు పాఠాలను కలిపేయడం పెద్ద ప్రమాదం. ఒక పాఠం నుంచి మొదలు, ఇంకో పాఠం నుంచి చివర తెస్తే అతుకు దగ్గర కారణం తెగిపోతుంది. ఒక పాఠాన్ని ఎంచుకుని చివరిదాకా దాని వెంటే పోవాలి. వేరే పాఠం గురించి చెప్పాల్సి వస్తే కథ ముగిశాక చెప్పాలి, మధ్యలో "కొందరు ఇలా అంటారు" అని ఆపితే వరుస పట్టుకున్న శ్రోత జారిపోతాడు.

ఇప్పుడు కథను పట్టుమని పదిహేను వాక్యాల్లో పెట్టి చూద్దాం.

"కనిగిరి సీమలో కరువొచ్చి మందలకు మేత లేకుండా పోయింది. గొల్లదొర కాటమరాజు తన ఆలమందలను తోలుకొచ్చి, నెల్లూరు రాజు నల్లసిద్ధిని కలిసి, ఆయన బీళ్లలో మేపుకోవడానికి ఒప్పందం చేసుకున్నాడు. పుల్లరిగా మందలో పుట్టే కోడెదూడలను ఇవ్వాలి. మందలు మేస్తుండగా ఒకనాడు రాజు ప్రియురాలి పెంపుడు చిలుక వల్ల ఆవులు బెదిరాయి. కాపరులు దాన్ని చంపేశారు. అది తెలిసి ఆమె పగబట్టి ఆవులను చంపించింది. రాజు సీమలోనే తన ఆవులు చచ్చాయి కాబట్టి పుల్లరి కట్టేది లేదని కాటమరాజు అన్నాడు. రాజు రాయబారం పంపినా కాటమరాజు లొంగలేదు. రాజు ఖడ్గతిక్కనను సేనతో పంపాడు. సేన దెబ్బతిని తిక్కన ఇంటికి తిరిగొచ్చాడు. భార్య చానమ్మ అతని స్నానానికి ఆడవాళ్లకు పెట్టినట్టు చాటు పెట్టి, పసుపు ఉంచింది. తల్లి ప్రోలమ్మ అన్నంలో విరిగిన పాలు పోసింది. ఏమిటిదని అడిగితే, నువ్వూ విరిగొచ్చావు, పశువులూ విరిగాయి, పాలూ విరిగాయంది. తిక్కన అన్నం ముందు నుంచి లేచి మళ్లీ యుద్ధానికి వెళ్లాడు. పాలేటి ఒడ్డున జరిగిన పోరులో కాటమరాజు పక్షాన బ్రహ్మరుద్రయ్యా, నెల్లూరు పక్షాన తిక్కనా ఇద్దరూ కూలిపోయారు."

ఇందులో పక్షం మారిన ప్రతిచోటా వాక్యం ముగిసి, చేసినవారి పేరో బంధమో మళ్లీ వచ్చింది. కాటమరాజు ఒక్కడే చేసిన మూడు పనులు రెండో వాక్యంలో గొలుసుగా పడ్డాయి. "కాబట్టి" ఒక్కచోటే ఉంది, అది కాటమరాజు వాదనలోనే ఉంది. అంటే ఆవుల చావుకూ పుల్లరికీ ముడిపెట్టింది కథ చెప్పేవాడు కాదు, కాటమరాజు. రాజు పక్షానికి ఆ ముడి ఒప్పుకోవాల్సిన పని లేదు, అందుకే రాయబారం వచ్చింది. ఈ తేడా కనబడేలా ఉంచితే వినేవాడు ఏ పక్షం వైపు మొగ్గాలో తనే తేల్చుకుంటాడు. చెప్పేవాడు గొల్లల కొమ్మువాడైనా, నెల్లూరు పండితుడైనా ఇద్దరికీ ఈ వరుస మీద అభ్యంతరం ఉండకూడదు. అభ్యంతరం వచ్చిందంటే ఎక్కడో ఒక పని ఒక పక్షం నుంచి ఇంకో పక్షానికి జారిందని అర్థం, అది ఏ వాక్యంలో జరిగిందో వెతుక్కోవాలి.

రాసినది నిలబడిందో లేదో చూడటానికి పని చేసే పరీక్ష ఒకటుంది. కథ ముందెప్పుడూ వినని ఒకరికి చదివి వినిపించి, కాసేపయ్యాక వాళ్లనే తిరిగి చెప్పమనాలి. చెప్పేటప్పుడు వాళ్లు ఎక్కడ ఆగారో చూడాలి. "ఆవుల్ని ఎందుకు చంపించింది?" దగ్గర తడబడితే చిలుక వాక్యం సరిగా పడలేదు. "ఎవరు చంపారు?" దగ్గర తడబడితే చేసినవారి పేరు పోయింది. ఇంట్లో సన్నివేశాన్ని తిక్కన ఓడిపోకముందే చెప్పేస్తే "సేన దెబ్బతిని" అన్న మాట గాలికి పోయిందన్నమాట. తడబడిన చోట చెప్పేవాడు మాట కలపకుండా ఊరుకోవడం కష్టమే, కానీ కలిపితే తప్పు ఎక్కడుందో తెలియదు. పేర్లు మరిచిపోతే మాత్రం పట్టించుకోనక్కర్లేదు. బ్రహ్మరుద్రయ్య పేరు గుర్తు లేకపోయినా కాటమరాజు పక్షాన ఒక వీరుడు తిక్కనతో పాటు పడ్డాడని చెబితే వరుస నిలిచినట్టే.

చోటు ఇంకా తక్కువగా ఉండి మూడే వాక్యాలు ఇస్తే ఏం పోవాలి? మొదట ఇంట్లో సన్నివేశం పోతుంది, బాధగానే పోతుంది. తర్వాత రాయబారం పోతుంది. కరువు రెండు మాటలకు తగ్గుతుంది. అప్పుడు మిగిలేది ఇంతే: "కరువులో నెల్లూరు బీళ్లకు వచ్చిన కాటమరాజు, కోడెదూడలు పుల్లరిగా ఇచ్చే ఒప్పందంతో మందలను మేపుకున్నాడు. అతని కాపరులు రాజు ప్రియురాలి చిలుకను చంపారు, ఆమె ఆవులను చంపించింది, దాని మీద కాటమరాజు పుల్లరి ఆపేశాడు. పాలేటి ఒడ్డున జరిగిన యుద్ధంలో ఖడ్గతిక్కనతో సహా రెండు పక్షాల వీరులూ పోయారు." మొదటి వాక్యంలో ఒప్పందం, మూడో వాక్యంలో యుద్ధం ఉన్నాయి. మధ్య వాక్యంలో చిలుక ఇప్పటికీ ఉంది.